గులాబీ రంగు గడి

కాన్పు పని నేర్చుకునే రోజుల్లో, బిడ్డను మొదటి గంటలో పరీక్షించే పట్టిక మా చేతికిచ్చారు. అందులో శ్వాస, గుండె వేగం, కండరాల బిగువు, స్పందన అన్న గడులు మాకు తేలిగ్గానే అర్థమయ్యాయి. 'రంగు' అన్న గడి దగ్గర మాత్రం ఆగిపోయాం. ఒళ్లంతా గులాబీగా ఉంటే 2, ఒళ్లు గులాబీగా ఉండి చేతులు కాళ్లు నీలంగా ఉంటే 1, ఒళ్లంతా నీలంగానో పాలిపోయో ఉంటే 0 అని రాసి ఉంది. చెవిటికల్లు నుంచి జగ్గయ్యపేట దాకా మా గూడేల్లో, తాండాల్లో పుట్టే చామనఛాయ బిడ్డలకు ఈ గడిలో ఏం రాయాలి?

ఆ ఐదు గడులూ 1952లో అమెరికాలో వర్జీనియా ఆప్గార్ అనే మత్తు డాక్టరు రూపొందించినవి. బిడ్డ పుట్టిన 1వ నిమిషంలో ఒకసారి, 5వ నిమిషంలో ఒకసారి మార్కులు వేస్తారు. అయితే ఊపిరి తీయని బిడ్డకు మార్కుల కోసం ఎదురుచూడకూడదు. వెంటనే తుడిచి, వీపు రుద్ది, అప్పటికీ తీయకపోతే మాస్కుతో గాలి అందించాలి.

రంగు చూడటంలో అసలు ప్రశ్న చర్మం గురించి కాదు, రక్తంలో ప్రాణవాయువు గురించి. అది చర్మం మీద కంటే నాలుక మీద, చిగుళ్ల మీద, పెదవుల లోపలివైపు బాగా తెలుస్తుంది. ఎంత నల్లని బిడ్డకైనా నాలుక ఎర్రగానే ఉండాలి. మొదటి రోజున అరచేతులు, అరికాళ్లు నీలంగా ఉన్నా నాలుక ఎర్రగా ఉంటే భయం లేదు. చేతికీ కాలికీ రక్తం ఇంకా నిదానంగా పారుతోందని అర్థం. నాలుకే నీలంగా మారితే మాత్రం క్షణం ఆగకూడదు.

మేము చూసిన ఒక కాన్పు చెప్తాం. బొడ్డుతాడు మెడకు చుట్టుకుని పుట్టింది బిడ్డ. మొహమంతా ముదురు ఊదారంగు. పక్కనున్న నాయనమ్మ గుండె బాదుకుంది. బిడ్డ అప్పటికే ఏడుస్తోంది. తుడిచి, తల్లి రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి, పైన పొడిగుడ్డ కప్పాం. ఏడ్చినప్పుడు నోట్లోకి చూస్తే నాలుక ఎర్రగా ఉంది. నుదుటి మీద వేలితో నొక్కితే ఊదారంగు పోలేదు. అంటే మెడ దగ్గర బిగుసుకోవడం వల్ల చర్మం కింద సన్నగా రక్తం చిమ్మింది తప్ప, ఊపిరి అందక కాదు.

అయినా నాలుక ఒక్కటి చూసి వదల్లేదు. ప్రతి 15 నిమిషాలకూ బిడ్డను తల్లి మీద నుంచి తీయకుండానే పొట్ట కదలికను చూసి, గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం శ్వాస లెక్కపెట్టాం. బిడ్డ శ్వాస ఒకసారి ఆగి ఒకసారి పరిగెడుతుంది కాబట్టి, అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే తప్పొస్తుంది. మొదట 58, తర్వాత 52, తర్వాత 48 వచ్చింది. 60 దాటితే, మూలుగు వినిపిస్తే, డొక్కలు లోపలికి పీకుతుంటే డాక్టరును పిలవాల్సిందే. పాదాలు మా చేతి వెనకవైపుకు వెచ్చగా తగిలాయి. చంకలో ఉష్ణోగ్రత 36.8 డిగ్రీలు. 40వ నిమిషంలో బిడ్డ తనంతట తానే పాలు పట్టింది. బరువు తూచడం, విటమిన్ కె సూది, తల నుంచి పాదం దాకా చూడటం ఆ తర్వాతే చేశాం.

నాలుకకూ ఒక హద్దుంది. రక్తం బాగా తక్కువున్న బిడ్డ ప్రాణవాయువు అందకపోయినా నీలంగా కనిపించకపోవచ్చు. పాలిపోయి ఉంటుంది. అందుకే అనుమానం వస్తే కుడిచేతికి ఆక్సీమీటరు పెట్టాలి. 5వ నిమిషంలో 80-85, 10వ నిమిషానికి 85-95 ఉంటే సరిపోతుంది. పుట్టగానే 98 ఉండాలనుకోకూడదు.

రంగు విషయంలో రాయాల్సింది ఇంకొకటుంది. మన బిడ్డల్లో చాలామందికి నడుము కింద, పిర్రల మీద నీలిమచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. నొక్కితే నొప్పుండదు, కమిలిన దెబ్బలా రోజురోజుకూ రంగు మారదు, కొన్నేళ్లకు వాటంతటవే తగ్గుతాయి. మా ఎరుకలో ఒక తల్లిని మూడో నెలలో టీకాకు వెళ్లినప్పుడు, "బిడ్డను ఎవరు కొట్టారు?" అని అందరిముందూ అడిగారు. ఆమె కాన్పు కాగితంలో మచ్చ సంగతి ఎవరూ రాయలేదు. రాసి ఉంటే ఆ ప్రశ్నకు కాగితమే జవాబు చెప్పేది.

ఇప్పుడు మేము ఆ గడిలో మార్కు ఒక్కటే వేసి ఊరుకోం. పక్కన ఇలా రాస్తాం: "నాలుక ఎరుపు. అరచేతులు నీలం, 30వ నిమిషానికి తగ్గింది. నడుము కింద ఎడమవైపు నీలిమచ్చ, రెండు వేళ్ల వెడల్పు." ఈ పని నేర్చుకునే మన పిల్లలూ అలాగే రాయండి.