వాగు మీద డబ్బా

మే 6, భద్రాచలం
గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఊళ్ళో పిల్లలకు కూడా నోటికొచ్చిన లెక్క. 2022 జులైలో 71.3 దాకా వచ్చింది. కానీ చర్ల రోడ్డులో మా బావ వాళ్ళ వాగుకు కొలబద్ద లేదు. కల్వర్టు మునిగాకే తెలుస్తుంది. కల్వర్టు గోడకు ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించి, నీటి మట్టం ఫోనుకు వచ్చేలా చేద్దామన్నాం. సర్క్యూట్ రెండు రోజుల పని. దాన్ని పెట్టే డబ్బాతోనే తంటా.

మే 9
నమూనాగా త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏతో అచ్చేసిన డబ్బాను మధ్యాహ్నం రేకుల మీద పెట్టి మర్చిపోయాను. సాయంత్రానికి మూత అప్పడంలా వంకర తిరిగింది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన ఎండకు రేకు అంతకన్నా కాలుతుంది. పీఈటీజీ అయితే 80 దాకా ఓర్చుకుంటుంది. ఖమ్మం నుంచి బస్సు కార్గోలో తెల్ల స్పూల్ ఒకటి తెప్పిస్తున్నా. నలుపు వద్దు, వేడి పీలుస్తుంది.

మే 13
గోడ మందం 1.5 మిల్లీమీటర్లు అని గీశాను, స్కేలు మీద బాగుంది కదా అని. స్లైసర్ ప్రివ్యూలో చూస్తే గోడ మధ్యలో సన్నటి ఖాళీ. నాజిల్ 0.4, గీత వెడల్పూ 0.4 పెట్టుకున్నా. మూడు గీతలకు 1.2 అయింది, మిగిలిన 0.3లో నాలుగో గీత పట్టలేదు. గోడంటే ఇటుకల వరసలే. సగం ఇటుక మిగిలితే అక్కడ సందు. 1.6 చేశాను, నాలుగు గీతలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. అచ్చయ్యాక నీళ్ళు పోసి పేపరు మీద రాత్రంతా ఉంచాను. పొద్దున పేపరు పొడిగానే ఉంది.

మే 17, కల్వర్టు దగ్గర
కొలతలకు వెళ్తే ఒక పెద్దాయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "సారూ, దీనికి చూరు లేదేంది?" అన్నాడు. నిజమే. మూత, డబ్బా కలిసే చోట వాన నేరుగా కొడుతుంది.

మే 18
గోడ నుంచి చూరును అడ్డంగా బయటికి లాగితే కింద ఆధారం ఉండదు, గీతలు గాల్లో జారతాయి. పొర ఎత్తు 0.2. 45 డిగ్రీల వాలైతే ప్రతి పొరా కింది పొర కన్నా 0.2 బయటికి వస్తుంది. గీత వెడల్పు 0.4 కాబట్టి సగం కింది గీత మీద ఆనుతుంది, నిలబడుతుంది. నిలువు నుంచి 60 డిగ్రీలు వాలిస్తే 0.35 బయటికి పోతుంది, ఆనేది 0.05 మాత్రమే.

చివరికి చూరును మూతకే ఇచ్చాను. మూతను వెల్లకిలా వేసి అచ్చేస్తే కప్పు బెడ్ మీద ఉంటుంది, అంచులు నిలువుగా పైకి పెరుగుతాయి. గాల్లో ఏదీ వేలాడదు. పక్క గోడలో తీగ రంధ్రం ఒక్కటే మిగిలింది. గుండ్రంగా ఉంటే దాని పైభాగం కుంగుతుంది. నీటిబొట్టులా పైన మొన తేల్చాను.

మే 24
మూత ఎంత వదులుండాలి? మొత్తం డబ్బా అచ్చేయడానికి ఆరు గంటలు. మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు. అందుకే 5 మిల్లీమీటర్ల ఎత్తు ఉంగరాలు వేసి చూశాను. ఒక్కో వైపు 0.2 సందు ఇస్తే ఎక్కలేదు, 0.3 బిగుతు, 0.4 సరిపోయింది. 0.4తో అసలు మూత వేశాను.

మే 25
మూత గడగడలాడుతోంది!

ఉంగరం తిప్పి వేలు రాస్తే విషయం తెలిసింది. మొదటి పొరను బెడ్‌కేసి నొక్కుతాం కాబట్టి అది పక్కకు ఉబ్బుతుంది. ఏనుగు పాదంలా ఉంటుందని ఎలిఫెంట్ ఫుట్ అంటారు. ఉంగరంలో మూత తాకే అంచే బెడ్ మీద ఉంది. అసలు డబ్బాలో ఆ అంచు పైన ఎక్కడో, మూతలోనూ అంతే. 0.2 ఉంగరం అడుగును బ్లేడుతో గీకాను. సుఖంగా ఎక్కింది. మూత 0.2కి మార్చాను. పరీక్ష ముక్కను అసలు వస్తువులాగే నిలబెట్టి అచ్చేయాలి, లేకపోతే అది చెప్పేది వేరే కథ.

ఆ ఉబ్బు నిజంగా అడ్డొచ్చేది అడుగున ఉన్న సెన్సర్ రంధ్రానికి. సెన్సర్ 22.0 ఉంది. రంధ్రం 22.4 ఇచ్చి, కింది అంచును 0.5 ఏటవాలుగా కోశాను.

జూన్ 12
మొదటి గట్టి వాన. మూత తీశాను. అంచుల దగ్గర చుక్క లేదు. తీగ రంధ్రం దగ్గర మాత్రం తడి. వాన తీగ మీదుగా జారి లోపలికి వచ్చింది. తీగను కిందికి ఒంపి మళ్ళీ పైకి తెచ్చి రంధ్రంలో దూర్చాను. ఇప్పుడు నీళ్ళు ఆ ఒంపు దగ్గరే కారిపోతున్నాయి.