పండుగ రోజే ఎందుకు పడుకుంటుంది?

గండిమైసమ్మ చౌరస్తా దాటి దుండిగల్ దారి పట్టామంటే రెండు చప్పుళ్లు వెంటే వస్తాయి. ఒకటి ఔటర్ రింగ్ రోడ్డుకు ఎక్కే లారీలది. రెండోది ఎయిర్ ఫోర్స్ అకాడమీ నుంచి లేచే శిక్షణ విమానాలది. ఇక్కడి వాళ్లకు అవి అలవాటైపోయాయి. కానీ నేను చూడబోయిన ఇంట్లో మాత్రం ఆ చప్పుడు వినిపించగానే ఎవరో ఒకరు లేచి లోపలి గది కిటికీ మూసేస్తారు, ఇంటి కోడలికి నొప్పి వచ్చిన రోజుల్లో.

ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు, మైగ్రేన్ ఉంది. భర్త నాకు తెలిసినవాడు. ఇంట్లో వాళ్లందరూ ఆ జబ్బును ఎలా అర్థం చేసుకున్నారో చూద్దామని వెళ్లాను. నేను వెళ్లిన రోజు ఆమె బాగానే ఉంది. చాయ్ ఇచ్చి, అత్తగారి పక్కనే అరుగు మీద కూర్చుంది.

మొదట మాట్లాడింది అత్తగారే. "నెత్తి నొయ్యనిది ఎవలికి బిడ్డా? నాట్లేసేటప్పుడు ఎండకు నొస్తే కొంగు బిగ్గర కట్టుకొని పన్జేసినం. మంచిగున్న పిల్ల సరిగ్గ పండుగ రోజే పండుకుంటదేందని మనసుల పెట్టుకున్న. నలుగురు అన్నరు గూడ."

ఈ అనుమానం చాలా ఇళ్లలో ఉంటుంది. పనులున్న రోజే నొప్పి వస్తే అది సాకులాగే కనబడుతుంది. ఆ ఇంట్లో గొడవ తీరింది కూడా ఈ ప్రశ్న దగ్గరే. కోడలు ఒక నోటుబుక్కు పెట్టింది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది, వాంతి అయిందా, మాత్ర ఎన్నింటికి వేసుకుంది, నెలసరికి ఎన్నో రోజు, ముందురోజు ఏం జరిగింది, ఇవన్నీ రాసేది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాటి పేజీ తెరిచి నాకు చూపించింది.

ముందురోజు రాత్రి పిండివంటలతో పొద్దుపోయింది. తెల్లవారకముందే లేచి తలంటు స్నానం చేసింది. తడి జుట్టుతోనే పూజకు అన్నీ సర్దింది. పూజ అయ్యేదాకా ఏమీ తినలేదు. గదినిండా సాంబ్రాణి పొగ, అగరుబత్తుల వాసన. పదకొండు గంటలకు కుడి కణత దగ్గర నొప్పి మొదలై మధ్యాహ్నానికి వాంతులదాకా వచ్చింది. మర్నాడు సాయంత్రానికి గానీ తగ్గలేదు.

ఆ పేజీలో ఉన్నవన్నీ మైగ్రేన్‌ను రేపేవే. నిద్ర తక్కువ కావడం, తిండి ఆలస్యం కావడం, ఘాటు వాసనలు ఏ దేశంలోనైనా చెప్పేవే. తలస్నానం మాత్రం మన దేశపు రోగుల్లో ప్రత్యేకంగా కనబడింది. తలస్నానం తర్వాత నొప్పి వచ్చే 94 మంది భారతీయ రోగుల గురించి ముంబయి వైద్యుడు కె. రవిశంకర్ 2006లో ఒక వైద్య పత్రికలో రాశారు. అంటే కోడలు పండుగ రోజు చూసుకుని పడుకోవడం లేదు. నొప్పిని రేపేవన్నీ పండుగే ఒకచోటికి తెస్తోంది.

అలాగని "నువ్వది చేశావు గనకే వచ్చింది" అనడమూ పొరపాటే. ముందురోజు సాయంత్రం నుంచే ఆమెకు ఆగకుండా ఆవలింతలు, మెడ పట్టేయడం ఉన్నాయని అదే పేజీలో ఉంది. నొప్పికి కొన్ని గంటల ముందే, ఒక్కోసారి రోజు ముందే, దాడి మెదడులో మొదలైపోతుంది. కొందరికి నొప్పికి ముందు కళ్లెదుట మెరుపుల వంకర గీతలు కూడా కనబడతాయి.

"స్కాన్‌లో ఏం లేదన్నారు కదా" అన్న మాట భర్త చాలాకాలం అన్నాడట. నిజమే, మైగ్రేన్‌లో స్కాన్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. తేడా మెదడు నిర్మాణంలో కాదు, పనిచేసే తీరులో ఉంటుంది. ముఖానికీ తలకూ స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం రేగి, సీజీఆర్‌పీ అనే రసాయనం విడుదలై, నొప్పి సంకేతాలు పెరిగిపోతాయి. ఈ స్వభావం వంశంలో వస్తుంది. ఆడవాళ్లలో మగవాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మందు పనిచేయకపోతే ఒక్కో దాడి 4 గంటల నుంచి 72 గంటలదాకా ఉంటుంది. మామూలు తలనొప్పితో వంట చేసుకోవచ్చు. మైగ్రేన్‌లో మెట్లెక్కినా నొప్పి పెరుగుతుంది, కడుపులో తిప్పుతుంది, వెలుతురూ చప్పుడూ ఓర్వలేరు. మన పొరుగున కర్ణాటకలో చేసిన సర్వేలో ఏడాది కాలంలో నూటికి 25 మంది పెద్దవాళ్లకు మైగ్రేన్ ఉన్నట్టు తేలింది. ఇది ఒక్క ఇంటి కథ కాదు.

ఇప్పుడు దాడి వస్తే ఆ ఇంట్లో ఎవరి పని వాళ్లకు తెలుసు. అది ఆమె బాగున్న రోజున కూర్చొని అనుకున్నదే. నొప్పిలో ఉన్న మనిషి ఏం కావాలో చెప్పలేదు, అడిగితే విసుక్కుంటుంది కూడా. అందుకే ఆ సమయంలో ప్రశ్నలు ఉండవు. "తల" అని ఒక్క మాటంటే చాలు.

భర్త మాత్ర, నీళ్లు తెస్తాడు. ఆలస్యం చేయడు. దాడి ముదిరితే జీర్ణాశయం మందగిస్తుంది, మింగిన మాత్ర సరిగా ఒంటబట్టదు. అందుకే డాక్టరు నొప్పి మాత్రతోపాటు వాంతి తగ్గే మాత్ర కూడా రాశారు. వేసుకున్న తేదీని అతనే నోటుబుక్కులో రాస్తాడు. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు అనే మైగ్రేన్ మాత్రలు 10 రోజులు, అంతకంటే ఎక్కువగా నెలల తరబడి వాడితే ఆ మందులే రోజూ తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు. లెక్క ఆ హద్దుకు దగ్గరపడుతుంటే దాడులు రాకుండా రోజూ వాడే మందుల గురించి డాక్టరును అడగాలి.

అత్తగారి పని పొయ్యి దగ్గర. పోపు వేయదు, అగరుబత్తి వెలిగించదు, పిల్లవాణ్ని పక్కింటికి తీసుకుపోతుంది. "సంటిపిల్లను పండవెట్టినట్టు ఇల్లంత పండవెడ్త" అంది నవ్వుతూ. ఇదివరకు ప్రేమకొద్దీ నూనె పెట్టి తల గట్టిగా మర్దనా చేసేదట. కోడలు చెయ్యి తోసేస్తే నొచ్చుకునేది. దాడి ముదిరాక కొందరికి దువ్వెన తగిలినా మంటపుడుతుందని, చర్మం అంత సున్నితమైపోతుందని ఆమెకు తర్వాత తెలిసింది. బామ్ కూడా అంతే, కొందరికి హాయి, కొందరికి ఆ వాసనే వాంతి. ముందే అడిగి పెట్టుకోవాలి.

నొప్పి తగ్గిన మర్నాడు కూడా ఆమెకు ఒళ్లు బరువుగా, మాట తడబడేంత అలసటగా ఉంటుంది. ఆ రోజు కూడా జబ్బులో భాగమే. "ఇగ తగ్గింది గద" అని గిన్నెలు అప్పజెప్పడం ఇప్పుడు మానేశారు.

పూజలు మానలేదు. తలస్నానం ముందురోజు పగలే చేసి జుట్టు ఆరబెట్టుకుంటుంది. పొద్దున్నే పాలు తాగి, పండు తింటుంది. సాంబ్రాణి వాకిట్లో వేస్తారు. దాడులు పూర్తిగా పోలేదు, తగ్గాయి.

ఒక జాగ్రత్త మాత్రం ఇంటిల్లిపాదికీ తెలియాలి. క్షణాల్లో విరుచుకుపడిన భరించలేని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, ఒక పక్క చెయ్యి కాలు చచ్చుబడటం, మాట ముద్దకావడం, తలకు దెబ్బ తగిలాక నొప్పి, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, వీటిలో ఏదున్నా చీకటి గదిలో పడుకోబెట్టకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ ఇంట్లోనూ పండుగ రోజే పడుకునే మనిషి ఉంటే, నొప్పి లేని ఒక సాయంత్రం పక్కన కూర్చొని అడగండి: ఆ సమయంలో ఏం చేయాలి, ఏం చేయకూడదు? చెప్పింది రాసి పెట్టుకోండి. ఈసారి నొప్పి వచ్చినప్పుడు మళ్లీ అడగకుండా ఆ రాసుకున్నదే చేయండి.