ఐదు ఇళ్ల పట్టిక

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల్లో ఎకనామిక్స్ చెబుతూ నా ఉద్యోగమంతా గడిచింది. అసమానతల పాఠం వచ్చినప్పుడు పిల్లల్ని కంప్యూటర్ ముట్టుకోనివ్వను. గ్రాఫ్ పేపరు, పెన్సిలు, స్కేలు చాలు. 1905లో అమెరికాలో మాక్స్ లారెంజ్ ఈ గీత గీసినప్పుడూ, 1912లో ఇటలీలో కొరాడో గిని దాన్ని ఒక్క అంకెకు కుదించే దారి చూపినప్పుడూ లెక్క చేతి మీదే నడిచింది. చేత్తో చేస్తేనే ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో కంటికి కనపడుతుంది.

బోర్డు మీద రాసే పట్టిక నేను కల్పించిందే, ఇళ్లు మాత్రం మా పిల్లలకు తెలిసినవి. నెలకు టమోటా కోతకు పోయే ఇల్లు 8 వేలు, మగ్గం ఇల్లు 12 వేలు, పాలు పోసే ఇల్లు 16 వేలు, ఆటో నడిపే ఇల్లు 24 వేలు, మండీ వ్యాపారి ఇల్లు 40 వేలు. మొత్తం లక్ష. తక్కువ ఆదాయం నుంచి మొదలుపెట్టి కూడుకుంటూ పోతే 8, 20, 36, 60, 100 వస్తాయి. మొత్తం లక్షే కాబట్టి ఇవే శాతాలు కూడా. అడ్డగీత మీద ఇళ్లు 20, 40, 60, 80, 100 శాతం. నిలువుగీత మీద వాళ్లకు దక్కిన ఆదాయం. సున్నాతో మొదలుపెట్టి చుక్కలు కలిపితే కిందికి వంగిన గీత వస్తుంది. అదే లారెంజ్ వక్రరేఖ. అందరికీ సమానంగా దక్కితే మూల నుంచి మూలకు తిన్నని గీత వచ్చేది.

ఇక వక్రరేఖ కింద ఎంత వైశాల్యం ఉందో చూడాలి. అది ఐదు నిలువు పట్టీలుగా విడిపోతుంది. ప్రతి పట్టీ వెడల్పు 0.2, ఎత్తు రెండు కొనల సగటు. మొదటిదాని సగటు 0.04, తర్వాత 0.14, 0.28, 0.48, 0.80. కూడితే 1.74, దాన్ని 0.2తో హెచ్చవేస్తే 0.348. దీనికి రెట్టింపు 0.696. ఒకటిలోంచి అది తీసేస్తే మిగిలే 0.304 గిని గుణకం. సున్నా అయితే అందరూ సమానం. ఒకే ఇంటికి అంతా దక్కితే, ఇళ్లు ఎన్నో ఉన్నచోట ఒకటికి చేరువవుతుంది. ఐదే ఇళ్లయితే 0.8 దాటదు. అందుకే ఈ 0.304ను దేశపు అంకె పక్కన పెట్టి పోల్చనివ్వను.

పిల్లలు ఎక్కువగా తప్పేది వరుస దగ్గర. నోటుబుక్కులో ఎక్కిన వరుసలోనే, 16, 8, 40, 12, 24 అని కూడుతారు. లెక్క ఎక్కడా ఆగదు, గుణకం 0.08 అని వస్తుంది. ఊరంతా దాదాపు సమానమని సంబరపడతారు. అప్పుడు గీత చూడమంటాను. 60 శాతం ఇళ్ల దగ్గర ఆదాయం 64 శాతానికి పోయి, ఆ తిన్నని గీత మీదికి ఎక్కి ఉంటుంది. వరుస సరిగ్గా ఉంటే అది ఎన్నటికీ జరగదు. ఒక ముక్క కంటే తర్వాతి ముక్క చదునుగా ఉన్నా వరుస చెడినట్టే.

మదనపల్లెలో ఇంకొక చిక్కుంది. టమోటా ధర పలికిన నెల ఆదాయం అడిగితే ఒక గుణకం, ధర పడిపోయిన నెల అడిగితే ఇంకొకటి. అందుకే ఏడాది మొత్తం రాబడి అడిగి, ఇంట్లో తలల లెక్కన భాగించమంటాను. దేశపు అంకెలు చూసేటప్పుడూ ఏం కొలిచారో అడగాలి. ప్రభుత్వ గృహ వినియోగ సర్వే 2022-23కి గుణకం గ్రామీణ భారతంలో 0.266, పట్టణాల్లో 0.314 చెప్పింది. అది ఖర్చు లెక్క, ఆదాయానిది కాదు. ఉన్నవాళ్లు వచ్చిందంతా ఖర్చు పెట్టరు, లేనివాళ్లు అప్పు చేసైనా తింటారు; కాబట్టి ఖర్చులో తేడా తక్కువగా కనపడటం మామూలే.

ఆఖరున ఇంకో ఊళ్లో ఇలాంటి ఐదు ఇళ్లకే రెండో పట్టిక రాస్తాను: 4, 14, 20, 26, 36 వేలు. మొత్తం మళ్లీ లక్షే. పిల్లలు పట్టీలు వేసి, కూడి, తలలెత్తుతారు.

“మేడం, ఇది కూడా 0.304 వచ్చిందే!”

“రెండు గీతలూ ఒకే పేపరు మీద వేయండప్పా,” అంటాను.

గీతలు మధ్యలో ఒకదాన్నొకటి దాటుతాయి. రెండో ఊళ్లో అట్టడుగు ఇంటికి దక్కింది మొదటి ఊళ్లో దానిలో సగం. మండీ ఇంటి వాటా తగ్గి మధ్యలోని ఇళ్ల వాటా పెరిగింది. కూలి ఇంటి వైపునుంచి చూస్తే రెండో ఊరే అధ్వానం. గుణకానికి మాత్రం రెండు ఊళ్లూ ఒకటే. అందుకే నా పరీక్షలో గుణకం సరిగ్గా వచ్చినా, గీత గీసి అది ఎక్కడ వంగిందో చెప్పకపోతే సగం మార్కులే వేస్తాను.