గ్రాఫ్‌లో దొరికిన దొంగ

"నేనే ఎక్కువ మాట్లాడుతున్నానేమోరా. ఈసారి నా మాటలు తీసేసి ఏదైనా మ్యూజిక్ పెట్టెయ్" అంది అమ్మ. గోంగూర పచ్చడి వీడియోకి 600 వ్యూస్ వచ్చాయి గానీ, చివరిదాకా చూసినవాళ్లు తక్కువని నోరుజారి నేనే చెప్పాను. అప్పట్నుంచీ ఆమెకి అదే దిగులు.

ఆఫీసులో సర్వర్ పడిపోతే లాగ్స్ చూడకుండా ఎవర్నీ అనం కదా. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో రిటెన్షన్ గ్రాఫ్ తెరిచాను. అడ్డంగా వీడియో టైము, నిలువుగా ఆ క్షణంలో ఎంత శాతం చూస్తున్నారన్న లెక్క. గీత మెల్లగా కిందికి జారడం ఏ వీడియోకైనా మామూలే. ఉన్నట్టుండి ఎక్కడ పడిందో చూడాలి.

30 సెకన్లకి మిగిలింది 41 శాతమే. గీత కూలింది 4వ సెకను నుంచి 19 దాకా. అక్కడ అమ్మ లేనే లేదు! రాత్రంతా కూర్చుని నేను చేసిన తిరిగే లోగో, ఆ తర్వాత స్లోమోషన్‌లో గోంగూర కట్ట. దొంగ నేనే.

2:10 దగ్గర ఇంకో పల్లం. ఆకులు తుంచే సీను. కానీ నిమిషంలో గీత మళ్లీ పైకొచ్చింది. అంటే జనం వెళ్లిపోలేదు, ముందుకి జరుపుకున్నారు. వెళ్లిపోయి ఉంటే గీత లేవదు.

4:50 దగ్గర చిన్న శిఖరం. మళ్లీ మళ్లీ చూశారని మురిసిపోయా. తీరా వింటే, అమ్మ ఎండుమిరపకాయల లెక్క చెబుతుంటే మిక్సీ మోత. నచ్చి కాదు, వినపడక వెనక్కి వెళ్లారు పాపం!

ఆకు మగ్గేలోపు అమ్మ వాళ్లమ్మ రోలు గురించి చెప్పిన ముచ్చట దగ్గర మాత్రం గీత దాదాపు తిన్నగా ఉంది. ఫోన్ ఆమె చేతికిచ్చి చూపించాను. "నిజంగా విన్నారంటావా?" అని రెండుసార్లు అడిగింది.

తర్వాతి వీడియో దోసకాయ పప్పు. లోగో పీకేశాను. మొదటి మాటే అమ్మది: "దోసకాయ ముక్క ముందే కొరికి చూడండి, చేదైతే పప్పంతా పారబోయాల్సిందే." తరగడం పది సెకన్లకి కుదించి, కొలతలు తెర మీద రాశాను. రోజున్నర ఆగి చూస్తే 30 సెకన్లకి 58 శాతం. వంట వేరు, చూసినవాళ్లూ వేరు, కాబట్టి పెరిగిందంతా నా రిపేరు వల్లే అనలేను. వ్యూస్ వందలోపే ఉంటే అసలు ఈ గ్రాఫ్‌ని నమ్మను. మా బంధువులు పదిమంది చూసినా గీత ఊగిపోతుంది.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. అమ్మ "అంతేనండీ" అనగానే గీత ధబేల్‌మని పడుతోంది. ఆ తర్వాత ఇంకో 25 సెకన్లు ఆమె అందరికీ పేరుపేరునా థాంక్స్ చెబుతుంది. అది తీసేద్దామంటే, "వచ్చినవాళ్లని పలకరించకుండా పంపేస్తామా?" అంటుంది. అందుకే ఉంచేశాను.