అంగడి లెక్క గంటగంటకీ రాస్తే

మిల్లులో మగ్గానికి పిక్ కౌంటర్ అని ఒకటి ఉంటుంది. మనవాళ్ళలో చాలామందికి తెలిసిందే. షిఫ్టు అయ్యాక దాంట్లో అంకె చూస్తే ఆ మగ్గం ఎన్ని పేక పోగులు వేసిందో తెలుస్తుంది. మధ్యలో అది గంటసేపు నిలబడిందా, ఏ టైములో నిలబడింది అనేది మాత్రం ఆ అంకె చెప్పదు. అది కావాలంటే గంటగంటకీ పోయి చూసి రాసుకోవాల్సిందే.

తిరుత్తణి స్టేషను దగ్గర మా చిన్నోడు టీ, టిఫిను అంగడి పెట్టినాడు. రాత్రి గల్లా పెట్టె లెక్కపెట్టి ఇంత వచ్చింది అని ఒక్క అంకె రాసేవాడు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నిలబడినా చేతిలో మిగిలేది తక్కువ. రాత్రి ఒక గంట ముందే మూసేద్దామా అని వాడు, మూస్తే గిరాకీ పోతుందేమో అని కోడలు. రోజూ ఇదే మాట. నేను నోట్‌బుక్కు ఒకటి కొనిచ్చి, రోజుకొక పేజీ, గంటకొక గీత వేసి రాయమన్నాను.

మొదట వాడు, "ఎందుకు నాయనా, ఫోన్లో టైముతో సహా ఉంది కదా" అన్నాడు. ఫోన్లో ఉండేది ఫోనుతో కట్టినవాళ్ళ లెక్కే. తెల్లారి పూలగంపలతో వచ్చేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు చిల్లరే ఇస్తారు. ఫోను ఒక్కటే చూస్తే ఆ గంటలో ఎవరూ రానట్టే కనబడుతుంది. అందుకని గంట కాగానే గల్లాలో నగదు ఎంత, ఫోనుకు ఎంత వచ్చింది, రెండూ కలిపి రాయాలి. అట్ల నాలుగు వారాలు రాసినారు.

ముందు రాత్రి తొమ్మిది నుంచి పది గంట చూసినాము. నాలుగు సోమవారాలు వరసగా 180, 210, 160, 1,140 రూపాయలు. సరాసరి తీస్తే 422. ఆ అంకె చూస్తే ఆ గంట బాగానే నడుస్తోంది, మూయొద్దు అనిపిస్తుంది. కానీ 1,140 వచ్చిన సోమవారం కృత్తిక. కొండకు పోయి వచ్చే జనం ఆ రాత్రి అంగడి నింపేసినారు. మిగతా మూడు సోమవారాల్లో ఎప్పుడూ 210 దాటలేదు. నాలుగు అంకెల్నీ చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి నడిమివి చూస్తే 180, 210 మధ్యలో 195 వస్తుంది. మామూలు రోజు సంగతి చెప్పేది అదే. కృత్తిక నక్షత్రం సుమారు 27 రోజులకొకసారి వస్తుంది, వారం మారుతూ ఉంటుంది. కాబట్టి ఆ రోజులకు వేరే పేజీ పెట్టించినాను. తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి గుడి దగ్గర అంగడి పెట్టుకున్నవాళ్ళు అమావాస్యకు వేరే పేజీ పెట్టుకోవాలి. అక్కడ జనం పడేది ఆ రోజు.

195 రూపాయల అమ్మకంలో మిగిలేది ఎంత? మా అంగడిలో నూరు రూపాయలు అమ్మితే పాలు, టీ పొడి, చక్కెర, పిండి, నూనెకు 55 పోతుంది, 45 మిగులుతుంది. అంటే 195కి 88 రూపాయలు. ఆ గంటకు పనివాడి కూలి 60, గ్యాసు, కరెంటు 25. పోగా మిగిలింది మూడు రూపాయలు. ఇక్కడ ఒక సంగతి. అంగడి బాడుగను ఈ లెక్కలో కలపకూడదు. తెరిచినా మూసినా బాడుగ అంతే కదా. మూస్తే ఆగిపోయే ఖర్చునే ఆ గంట మీద వేయాలి. బాడుగ కూడా పంచి వేస్తే మంచి గంటలు కూడా నష్టంగా కనబడి, మూయకూడని టైములో మూసుకుంటాము.

తర్వాత పొద్దున చూసినాము. ఆరు నుంచి ఏడు ఒకరోజు 700, ఒకరోజు 950. ఎనిమిది నుంచి తొమ్మిది కూడా అట్లే పైకీ కిందికీ పోతుంది. ఏడు నుంచి ఎనిమిది మాత్రం ఏ రోజు చూసినా 900 దగ్గరే నిలబడింది. శనివారమూ అంతే, సోమవారమూ అంతే. జనం రోజూ ఒకే లెక్కన రారు. అంకె కదలడం లేదంటే అది వచ్చే జనం లెక్క కాదు, మన చేతులు అందించగలిగిన లెక్క. కోడలు వెంటనే, "అవును మామా, మద్రాసు రైలు టైములో గుంపు చూసి ఎదురు బండికి పోతారు" అనింది. మూడు రోజులు అట్ల వెళ్ళిపోయినవాళ్ళను లెక్కపెట్టింది. రోజుకు పన్నెండు నుంచి పదిహేను మంది. నోట్‌బుక్కులో అమ్మినదే ఉంటుంది, అమ్మలేకపోయింది ఉండదు. అది కళ్ళతో చూసి రాసుకోవాలి.

పనివాడు అప్పుడు పొద్దున ఎనిమిదికి వచ్చేవాడు. అతనితో మాట్లాడి, మామూలు రోజుల్లో ఏడుకి ముందే రమ్మని, రాత్రి తొమ్మిదికి మూసేటట్టు పెట్టుకున్నారు. కూలి పెరగలేదు. రాత్రి ఇంటికి తొందరగా పోవచ్చని అతనికీ సంతోషమే. తర్వాతి నాలుగు వారాల్లో ఏడు నుంచి ఎనిమిది గంట 1,150 దాకా పోయింది. ఆ పెరిగింది పక్క గంట నుంచి జరిగి వచ్చిందేమో అని ఎనిమిది నుంచి తొమ్మిది కూడా చూసినాము. అది తగ్గలేదు. రాత్రి తొమ్మిది తర్వాత వచ్చేవాళ్ళలో కొందరు ఎనిమిదిన్నరకే రావడం మొదలుపెట్టినారు.

మధ్యాహ్నం మూడు గంటలకు అంగడి ఖాళీ. టీ 12, వడ 10, రెండూ కలిపి 22. ఆ గంటలో 18కి ఇస్తానని చిన్నోడు బోర్డు రాసినాడు. ముందు ఆ గంటలో పది జతలు పోయేవి, ఇప్పుడు పద్దెనిమిది. అమ్మకం 220 నుంచి 324కి పెరిగింది. వాడికి భలే సంతోషం. కానీ జతకు సరుకు ఖర్చు 12. ముందు జతకు పది మిగిలేది, పది జతలకు 100. ఇప్పుడు జతకు ఆరే మిగులుతుంది, పద్దెనిమిదికి 108. అంత అమ్మకానికి పెరిగింది ఎనిమిది రూపాయలు. పైగా నాలుగు గంటల అమ్మకం 90 తగ్గింది, అందులో మిగిలేది 40. నాలుగుకి వచ్చేవాళ్ళే తగ్గింపు కోసం మూడుకి వచ్చినారన్నమాట. రెండు వారాలకు బోర్డు తీసేసినాడు. తగ్గింపు పెడితే ఆ గంట ఒక్కటే కాదు, మధ్యాహ్నం మొత్తాన్ని వెనకటి వారం అదే రోజుతో పోల్చాలి.

ఈ నోట్‌బుక్కు ఎప్పటికీ పనికి రాదు. బడికి సెలవులిస్తే గంటలు మారతాయి. ఆడి కృత్తికకు కావళ్ళు మోసే జనం వచ్చినప్పుడు, డిసెంబరు 31 రాత్రి కొండ మెట్లకు పూజ జరిగేటప్పుడు రాత్రంతా తెరవాల్సిందే. అందుకని కాలం మారినప్పుడల్లా మా కోడలు మళ్ళీ నాలుగు వారాలు గీతలు వేసి రాస్తుంది. ఇప్పుడు రాసేదీ ఆమే, వాళ్ళాయనకు లెక్క చెప్పేదీ ఆమే.