కిందికి దిగే మెట్టు

ఎదురుగా గోడ ఉంటే రోబోని ఆపడం తేలిక. కుర్చీ కాలైనా, గడపైనా, పైకెక్కే మెట్లైనా నేల మీద లేచి కనిపిస్తాయి. కిందికి దిగే మెట్లే కష్టం. అక్కడ అడ్డమేమీ ఉండదు, ఉండాల్సిన నేలే ఉండదు. దారి ఖాళీ అనుకుని రోబో ముందుకెళ్తే దొర్లిపోతుంది. అదే టైంలో కింద నుంచి ఎవరైనా ఎక్కుతుంటే? ఆత్మకూరులో మా మామయ్య వాళ్ళ మేడ మీద ఉండే అవ్వకి మందులు, నీళ్ళ సీసా అందించడానికి నేను చేస్తున్న రోబోకి ఇదే అసలు పరీక్ష.

ఖర్చు తగ్గాలని సెకండ్‌హ్యాండ్ కైనెక్ట్ కొన్నాను. 2010లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 ఆటల కోసం తెచ్చిన కెమెరా ఇది. టర్టిల్‌బాట్ రోబోకి కూడా మొదట్లో దీన్నే వాడారు. ఇది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు చల్లి, అవి ఎంత పక్కకి జరిగాయో చూసి దూరం లెక్కిస్తుంది.

కెమెరాని నేలకి 60 సెంటీమీటర్ల ఎత్తులో, 45 డిగ్రీలు కిందికి వంచి బిగించాను. అప్పుడు చిత్రం మధ్య వరుసలో చదునైన నేల 85 సెంటీమీటర్ల దూరం చూపించాలి. 10 సెంటీమీటర్ల గడప ఎదురైతే అది 71కి తగ్గుతుంది. 15 సెంటీమీటర్లు కిందికి దిగే మెట్టైతే 106కి పెరుగుతుంది. బ్రేక్ వేసినప్పుడు రోబో తల ఊపుతుంది. 3 డిగ్రీలు ఊగినా నేల దూరం సుమారు 81 నుంచి 90 మధ్యే ఉంటుంది. అందుకే హద్దుల్ని ఆ రెండింటికీ కాస్త బయట పెట్టాను. రోబో వెడల్పంత పట్టీని చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడి మీడియన్‌ని మిల్లీమీటర్లలో ఇలా చూస్తాను:

```
if d == 0 or d < 780 or d > 950:
    stop()
```

ఇందులో సున్నాయే అసలు చిక్కు. సున్నా అంటే దగ్గర అని కాదు, కెమెరాకి దూరం తెలియలేదని. ఉదయగిరిలో మా ఇంట్లో నున్నటి నల్ల కడప రాళ్ళు. వాటి మీద పడిన ఇన్‌ఫ్రారెడ్ చాలావరకు తిరిగి కెమెరా వైపు రాదు, చిత్రంలో చిల్లులు పడతాయి. తలుపులోంచి ఎండ పడిన చోటా అంతే. మెట్ల దగ్గర కింద మరీ లోతుగా ఉన్నా సున్నానే రావచ్చు. చూసి తేడా పట్టచ్చు: మెట్టు అంచు తిన్నటి గీతలా ఉంటుంది, రాయి మీద చిల్లు అంచులు చిందరవందరగా ఉండి, రోబో కదిలితే చోటు మారుతుంది. కానీ ఆ తేడాని నమ్మి రోబోని ముందుకి పంపే ధైర్యం నాకు లేదు.

పోనీ వాక్యూమ్ రోబోల్లా అడుగున నేలని చూసే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పెడదామంటే, దానికీ నల్ల నేల గోతిలాగే అనిపిస్తుంది. పైగా అది చూసేది చక్రం ముందు కొద్ది జానెడే. కాబట్టి రెండూ ఉంచి, ఏది అనుమానపడినా ఆగమన్నాను.

"ఏందిరా ఇది, ఊరికూరికే నిలబడతా ఉంది" అంటుంది అవ్వ. నిలబడితే మందు రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. సున్నాని ఖాళీ దారి అనుకుంటే మాత్రం ఒక్కసారి చాలు.