నేను క్లోజ్ చేసేసిన పర్మిట్

విశాఖ దగ్గర ఓ కెమికల్ ప్లాంట్‌లో నాది మొదటి ఉద్యోగం. మెయింటెనెన్స్ ఇంజినీర్ అని పేరేగానీ, సగం రోజు పర్మిట్ ఫారాల మీద సంతకాలకే సరిపోయేది.

ఆ రోజు టోలీన్ పంపుకి సీల్ మార్చాలి. ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ పర్మిట్ ఇచ్చారు, నేను తీసుకున్నాను. లైన్ ఖాళీ చేసి, రెండు వైపులా వాల్వులు మూసి తాళాలేశారు. ఎలక్ట్రీషియన్ బ్రేకర్ ఆపి, తన తాళం వేసి, ట్యాగ్ కట్టాడు. ఆ తర్వాత పంపు పక్కనున్న స్టార్ట్ బటన్ నొక్కి చూశాం. తిరగలేదు. ఇది తప్పకుండా చేయాలి. పక్క పంపు బ్రేకర్‌కి పొరపాటున తాళం పడితే తెలిసేది ఇక్కడే.

సాయంత్రం ఏడున్నరకి ఫిట్టర్ వచ్చి, "అయిపోయింది సార్, క్లోజ్ చేసేయండి" అన్నాడు. షిఫ్ట్ బస్సు ఎనిమిదికి. కుర్చీలోంచి లేవకుండానే 'పని పూర్తయింది, మనుషులు, పనిముట్లు బయటికి వచ్చేశాయి' అన్న గడిలో సంతకం పెట్టేశాను. దాని కింద ఇన్‌ఛార్జ్ సంతకం పడితే తాళాలు తీసేస్తారు.

ఆయన పెన్ను తీయలేదు. "పంపు చూశావా బాబూ?" అన్నారు.

ఇద్దరం వెళ్లాం. సీల్ బాగానే ఉంది. డిశ్చార్జ్ లైన్ మీద ప్రెషర్ గేజ్ మాత్రం లేదు! ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లు క్యాలిబ్రేషన్‌కి పట్టుకెళ్లారట, వేరే పర్మిట్ మీద. గేజ్ కింద చిన్న వాల్వ్ సగం తెరిచే ఉంది, మూతకి ప్లగ్ కూడా లేదు. పంపు ఆన్ చేసుంటే టోలీన్ అక్కడినుంచి చిమ్మేది. దాని ఆవిరి అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

తిరిగొస్తూ ఆయన పైపర్ ఆల్ఫా గురించి చెప్పారు. ఒకప్పుడు స్కాట్లాండ్ దగ్గర సముద్రంలో ఉండిన ఆయిల్ ప్లాట్‌ఫామ్ అది. 1988 జులై 6న ఒక పంపుకున్న సేఫ్టీ వాల్వ్‌ని ఒక పర్మిట్ మీద తీశారు. పని సాయంత్రానికి పూర్తికాలేదు. తీసినచోట తాత్కాలికంగా మూత పెట్టారు, అదీ లీక్ ఆపేంత గట్టిగా లేదు. అదే పంపు ఓవర్‌హాల్‌కి ఇంకో పర్మిట్ ఉంది. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. ఓవర్‌హాల్ ఇంకా మొదలవలేదని షిఫ్ట్ వాళ్లకి తెలుసు. వాల్వ్ లేదన్న సంగతే తెలియదు. మొదటి పంపు స్టార్ట్ చేశారు. 167 మంది చనిపోయారు.

నాకు ఆ రాత్రి బస్సు దొరకలేదు. పర్మిట్‌లో నా సంతకం కొట్టేసి, 'క్లోజ్' బదులు 'సస్పెండ్' అని రాశాం. పక్కన గేజ్ పర్మిట్ నంబర్ వేశాం. ఆ నంబర్‌కోసం మా ఫారంలో గడే లేదు, మార్జిన్‌లో ఇరికించాం. తాళాలు అలాగే ఉంచి, నైట్ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని పంపు దగ్గరికే తీసుకెళ్లి చూపించాం.

పొద్దున తొమ్మిదికి గేజ్ వచ్చింది. ఈసారి ముందు నేనే పంపు దగ్గరికెళ్లాను, పెన్ను జేబులోనే పెట్టుకుని.